ఏఐ చూపిన రంగు వేరు, వచ్చిన బట్ట రంగు వేరు: అమ్మకందారుకు ఏమని రాయాలి?

ప్రశ్న: ఆన్‌లైన్‌లో చేనేత చీర కొన్నాను. ఏఐ ప్రివ్యూలో ఉల్లిపొర రంగులో ఉంది, వచ్చింది ఇటుక రంగు. ఫోను తెరను బట్టి రంగు మారుతుందని అమ్మినవారు కొట్టిపారేస్తున్నారు. వాళ్లకు ఉత్తరం ఎలా రాయాలి?

జవాబు: నాకూ ఆ తెర సాకే చెప్పారు. మా మేనకోడలి లంగా కోసం నాలుగు మీటర్ల నూలు బట్ట తెప్పించాను. ప్రివ్యూలో ఒక అమ్మాయి కట్టుకున్నట్టు చూపించిన రంగు అచ్చమైన నెమలి కంఠం. పార్సిల్ విప్పితే సీసా పచ్చ. కోపంలో రాసిన మొదటి ఉత్తరంలో ‘మోసం’ అన్న మాట మూడుసార్లు వచ్చింది, ఆధారం ఒక్కటీ లేదు. తెరల తేడా అని ఒక్క వాక్యంలో తేల్చేశారు.

ఆ సాకు నిలవని చోటు ఎక్కడుందో బట్టను చూశాక తెలిసింది. చేనేతలో నెమలి కంఠం సాధారణంగా రెండు రంగుల నూలు కలిస్తే వస్తుంది: పడుగు నీలం, పేక పచ్చ, లేదా అటూ ఇటూ. అందుకే బట్టను వంచితే రంగు మారినట్టు మెరుస్తుంది. వాళ్లు కత్తిరించి పంపిన అంచు దగ్గర నేను నిలువుగా ఒక పోగు, అడ్డంగా ఒక పోగు లాగి చూశాను. రెండూ పచ్చే. పోగులు లాగి చూపిస్తే ఇక తెర గొడవే లేదు. మీ చీరలోనూ కొంగు చివర ఒక పోగు చూడండి. ప్రివ్యూలో చూపిందే ఏకరంగు అయితే ఈ ఆధారం మీకు పనికిరాదు, ఫొటోల మీదే ఆధారపడాలి.

ఫొటోకు కిటికీ పక్కన పగటి వెలుగు చాలు, ట్యూబులైటు ఆర్పేయండి. బట్ట మీద తెల్ల కాగితం పెట్టండి. ఫొటోలో కాగితం పసుపుగానో నీలంగానో కనిపిస్తే కెమెరా రంగు మార్చిందని అర్థం, మళ్లీ తీయాలి. తర్వాత ఆ ఫొటోను, ప్రివ్యూ స్క్రీన్‌షాట్‌ను ఒకే ఫోనులో పక్కపక్కన పెట్టి చూడండి. తెర ఒకటే కాబట్టి తేడాను దాని మీదకు నెట్టలేరు. ప్రివ్యూ పేజీని వాళ్లు మార్చకముందే, తేదీ కనిపించేలా దాచుకోండి. ఫాల్ కుట్టించకండి, ఉతకకండి.

నా రెండో ఉత్తరం ఇది, వివరాలు మాత్రం తీసేశాను:

> అయ్యా,
>
> ఫలానా ఆర్డరులో నాలుగు మీటర్ల నూలు బట్టకు రూ. 1,960 చెల్లించాను. కొనే ముందు మీ పేజీలోని ఏఐ ప్రివ్యూ నీలం, పచ్చ కలిసిన నెమలి కంఠం రంగును చూపింది (1వ చిత్రం). అందిన బట్టలో పడుగు, పేక రెండూ ముదురు పచ్చ నూలే (2, 3 చిత్రాలు). ఈ రంగు తేడా వెలుతురు వల్లగాని తెర వల్లగాని వచ్చింది కాదు, నూలులోనే ఉంది.
>
> ప్రకటించిన లక్షణాలు లేని వస్తువును తిరిగి తీసుకోవడానికిగాని, డబ్బు వాపసు ఇవ్వడానికిగాని అమ్మకందారు నిరాకరించకూడదని 2020 నాటి వినియోగదారుల రక్షణ (ఇ-కామర్స్) నియమాలు చెబుతున్నాయి. బట్టను మీ ఖర్చుతో తీసుకెళ్లి పూర్తి సొమ్ము వాపసు చేయండి. బట్ట ఉతకలేదు, కుట్టలేదు. ఈ ఉత్తరాన్ని మీ ఫిర్యాదుల అధికారికి కూడా పంపుతున్నాను.

ఫిర్యాదుల అధికారి మాట ఊరికే రాయలేదు. ఆ నియమాల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలియజేయాలి, నెలలోపు పరిష్కరించాలి. అధికారి పేరు, సంప్రదించే వివరాలు కూడా వాళ్ల సైటులో ఉండాలి.

మర్నాడే జవాబు వచ్చింది. మొదట మూడు వందల కూపను ఇస్తామన్నారు. తర్వాత, ప్రివ్యూ ఊహాచిత్రమేనని పేజీ అడుగున చిన్న అక్షరాల్లో రాశామన్నారు. ఇది కాస్త ఆలోచించాల్సిన మాటే, ఎందుకంటే ఏఐ ఆ బట్టను ఫొటో తీయదు, మడతలూ వెలుగూ రంగూ తానే గీస్తుంది. నేను ఒక్కటే అడిగాను: రంగు చూసి కొనమని ‘కొనండి’ మీట పైన పెట్టిన బొమ్మ ప్రకటన కాకపోతే మరేమిటి? తొమ్మిదో రోజున డబ్బు ఖాతాలో పడింది. కొరియర్ ఖర్చు కూడా వాళ్లే పెట్టుకున్నారు.

మీ అమ్మకందారు అప్పటికీ కదలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేయండి. ఉత్తరం, స్క్రీన్‌షాట్, ఫొటోలు అప్పుడు చేతిలో ఉంచుకోండి. ఒకటి మాత్రం ముందే చూసుకోండి. అదే పేజీలో ఏఐది కాని మామూలు ఫొటో కూడా ఉండి, అందులో ఇటుక రంగే కనిపిస్తుంటే వాళ్లు దాన్ని ముందుకు తెస్తారు. ఆ ఫొటో విషయం మీ ఉత్తరంలో మీరే ముందు రాసి, ఒకే చీరను రెండు రంగుల్లో ఎందుకు చూపించారని అడగండి.