రాత్రి కాల్స్ వంతులవారీగా పెట్టుకుందామని అవతలి టీమ్‌ని అడగడం ఎలా?

"మా టీమ్ సగం హైదరాబాద్‌లో, సగం కాలిఫోర్నియాలో. రోజూ రాత్రి 9:30కి కాల్, చలికాలంలో 10:30. వంతులు వేసుకుందామని అడగాలంటే మొహమాటంగా ఉంది. ఎవరైనా అడిగి సాధించారా?"

సాధించామండీ, కానీ రెండోసారికి. మొదటిసారి "మాకు నిద్ర చాలట్లేదు" అన్నాను. అవతలి మేనేజరు అయ్యో అన్నారు, ముప్పావుగంట కాల్‌ని అరగంట చేశారు. టైమ్ మాత్రం కదల్లేదు.

రెండోసారి క్యాలెండర్ పట్టుకెళ్లాను. ఆరు వారాల్లో రాత్రి 9 దాటాక మాకు పడ్డ కాల్స్ ఒక వరసలో, వాళ్లకి సాయంత్రం 7 దాటాక పడ్డవి ఇంకో వరసలో రాశాను. వాళ్ల వరసలో సున్నా. ఇక నేను పెద్దగా మాట్లాడే పని పడలేదు.

నేను అడిగింది స్ప్రింట్‌కొక వంతు, అంటే రెండేసి వారాలు. వారానికోసారి మారిస్తే నిద్ర కుదురుకునేలోపే టైమ్ మారిపోతుంది. మా వంతులో మాకు రాత్రి 9:30. వాళ్ల వంతులో వాళ్లకి రాత్రి 8 అనుకున్నాం, అది పిల్లల్ని పడుకోబెట్టే టైమని ఒకావిడ అంటే 7:30 చేశాం. వేసవిలో అది మనకి మర్నాడు ఉదయం 8. మనకీ సుఖమేం కాదు, ఒక చేత్తో టిఫిన్ బాక్స్ సర్దుతూ మ్యూట్‌లో వింటుంటాను. రెండు స్ప్రింట్లు చూసి, నచ్చకపోతే పాత టైమ్‌కే వెళ్దామన్నాను. అందుకే ఒప్పుకున్నారనుకుంటా.

ఒక తప్పు మాత్రం చేశాం. మన సోమవారం ఉదయమంటే వాళ్లకి ఇంకా ఆదివారం సాయంత్రమే. ఆ ఇన్వైట్ చూసి ఎవరూ రాలేదు. వాళ్ల వంతులో కాల్స్ మనకి మంగళవారం నుంచి శుక్రవారం దాకా పెట్టుకోండి.

ఇక ఆ 10:30 సంగతి. అమెరికాలో నవంబర్ మొదటి ఆదివారం గడియారం గంట వెనక్కి పోతుంది, మార్చి రెండో ఆదివారం ముందుకొస్తుంది. మీ ఇన్వైట్ వాళ్ల టైమ్‌జోన్‌లో ఉంది కాబట్టే మీ కాల్ గంట జరుగుతోంది. మేం రెండు వేర్వేరు సిరీస్‌లు పెట్టాం. రాత్రి కాల్ ఇండియా టైమ్‌లో, వాళ్ల సాయంత్రం కాల్ పసిఫిక్ టైమ్‌లో. ఎవరి వంతైతే వాళ్ల గడియారం కదలదన్నమాట. చలికాలంలో మన రాత్రి 9:30 వాళ్లకి ఉదయం 8 అవుతుంది, వాళ్ల 7:30 మనకి ఉదయం 9.

వంతు మొదలయ్యాక ఒకటి గమనిస్తూ ఉండండి. మా దగ్గర మూడో నెలకి వాళ్ల వంతులో ఆర్కిటెక్ట్ రావడం మానేశారు, "ఇది రాత్రి కాల్‌లో మాట్లాడదాం" అనే మాట మొదలైంది. కాల్స్ సమానమే, నిర్ణయాలన్నీ మాత్రం మళ్లీ మన రాత్రిలోకే చేరాయి. అప్పుడు ఆయన పేరు చెప్పే అడిగాను, రాలేని రోజు ఆయన బదులు నిర్ణయం చెప్పే మనిషిని పంపమని. ప్రొడక్షన్ రిలీజ్ రాత్రుల్ని మాత్రం ఈ వంతుల్లో కలపలేదు, అవి ఇప్పటికీ మావే.