పద్మనాభుడి గుడికీ అబుదాబి మసీదుకీ ఒకే పెట్టె సర్దుతున్నారుగా

మహారాణిపేట,
విశాఖపట్నం.

చి. రవికి, చి. ల. సౌ. శిరీషకి పెద్దమ్మ ఆశీస్సులు.

ముందు తిరువనంతపురం, అక్కడి నుంచి అబుదాబి అని ఫోన్లో చెప్పారు కదా. ఆ రెండు చోట్లా గుమ్మం దగ్గర బట్టలు చూసే లోపలికి పంపుతారు. చీర, పంచె కట్టుకుంటే ఎక్కడైనా చెల్లుతుందని మనవాళ్ళ ధీమా. పద్మనాభస్వామి గుడిలో అది నిజమే. అబుదాబిలోని షేక్ జాయెద్ పెద్ద మసీదులో మాత్రం ఆ చీరే అడ్డొస్తుంది. నడుమూ మోచేతులూ కనబడతాయి కాబట్టి ఎంత మంచి పట్టుచీరైనా పైన ఇంకొకటి కప్పుకోమంటారు. రవీ, నీ సంగతి దానికి తిరగబడి ఉంటుంది. గుడిలో చొక్కా విప్పాలి, మసీదులో భుజాలు కనబడకూడదు. అందుకని రెండు చోట్లకీ వేర్వేరుగా సర్దుకోవాలి.

ముందు గుడి సంగతి. మగవాళ్ళకి పంచె ఒక్కటే. చొక్కా, బనియను రెండూ విప్పాలి. లుంగీ, పైజమా పనికిరావు. ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి దాని మీద పంచె చుట్టుకునే తెలివి కొందరు చూపిస్తారు, ఆ పని చెయ్యకు. అద్దె పంచెలు గుడి దగ్గర దొరుకుతాయి గానీ ఎవరో కట్టి విప్పినది ఎందుకు, ఇంటి నుంచి తీసుకెళ్ళు.

కేరళలో మనలా గోచీ పోసి కట్టరు, చుట్టి దోపుతారు. నాలుగు మూరలది ఒంటి పొర అవుతుంది. ఎనిమిది మూరలదాన్ని మధ్యకి మడిచి రెండు పొరలుగా కడతారు. నువ్వు ఎనిమిది మూరలదే తీసుకో. మన పొందూరు ఖద్దరు చాలా సన్నం కదా, ఒంటి పొరగా కడితే ఎండలో నిలబడగానే లోపలి నిక్కరు కనబడిపోతుంది. కొత్త పంచెని గంజితోనే కట్టకు, ఒకసారి ఉతికి ఆరబెట్టు. గంజి మీద ఉన్న బట్ట బిరుసుగా ఉండి దోపు నిలవదు, పది అడుగులకోసారి చేత్తో పట్టుకోవాల్సి వస్తుంది.

కట్టే తీరు చెప్తాను, బయల్దేరే ముందు ఇంట్లో రెండుసార్లు కట్టి నడిచి చూడు. పంచెని వెనక నుంచి ముందుకు తెచ్చి, ఒక కొసని బొడ్డు దాటించి అవతలి నడుం దగ్గర బిగించి దోపు. రెండో కొసని దాని మీదుగా తెచ్చి ఇవతలి పక్కన దోపు. తోలు బెల్టు గుడిలోకి వద్దు. మొలతాడుంటే దాన్ని పైకి తెచ్చి గుడ్డ మీద వేసి, లేదంటే ఒక నూలు తాడు కట్టి, పైన మిగిలిన అంచుని దాని మీదకి రెండు మడతలు వెయ్యి. కింద అంచు చీలమండ దగ్గర ఉండాలి. మెట్లెక్కితే కాలికి అడ్డం పడుతోందంటే నడుం దగ్గర ఇంకో మడత వెయ్యాలని అర్థం.

ఒక మాట గట్టిగా గుర్తుపెట్టుకో. అక్కడివాళ్ళు వీధిలో పంచెని మోకాళ్ళ పైకి మడిచి కట్టుకుని తిరుగుతారు. అది చూసి నువ్వూ అలాగే గుడిలోకి పోకు. గుడిలోనూ పెద్దల ముందూ ఆ మడత దించెయ్యడం వాళ్ళ మర్యాద. కండువా తీసుకెళ్తే భుజాన వేసుకోకు, నడుంకి చుట్టుకో. జేబు ఉండదు కాబట్టి హుండీ డబ్బులు చిన్న గుడ్డలో కట్టి రొంటిన దోపుకో.

శిరీషా, నీకు చీర అయితే ఏ చిక్కూ లేదు. చుడీదార్ల మీద 2016లో పెద్ద గొడవే జరిగింది. గుడి అధికారి నవంబరులో అనుమతి ఇచ్చేశాడు. ఆయనకి ఆ అధికారం లేదు, ఆచారం విషయంలో గుడి పూజా విధులకి పెద్ద అయిన తంత్రిదే తుది మాట అని డిసెంబరులో హైకోర్టు చెప్పింది. కాబట్టి పంజాబీ డ్రస్సులో వెళ్తే దాని మీద నడుం నుంచి ఒక పంచె చుట్టుకోవాలి. దారిలో గురువాయూరు కూడా పెట్టుకుంటే అక్కడ చుడీదార్ ఒప్పుకుంటారు, మగవాళ్ళకి మాత్రం అక్కడా పంచే, చొక్కా విప్పడమే. ఒకే రాష్ట్రంలో రెండు గుళ్ళు రెండు రకాలు. అందుకే "కేరళ గుళ్ళలో ఇలా" అని ఎవరైనా చెప్తే ఏ గుడో అడుగు. మన తిరుమలనే చూడు, పక్క ఊరి గుడికి తల్లో పూలు పెట్టుకెళ్ళడం ముచ్చటైతే కొండ మీద పూలు పెట్టుకోకూడదు, అక్కడ పూలన్నీ స్వామివే.

ఇప్పుడు ఒక ఉదాహరణ చెప్తాను, పద్మనాభుడి గుడి దగ్గర జరిగే పొరపాటు ఎప్పుడూ ఇలాగే ఉంటుంది. భార్యాభర్తలు జీన్సూ, కుర్తీ లెగ్గింగ్సులో పదకొండు దాటాక గుడి దగ్గర ఆటో దిగుతారు. ఆయనకి పంచె, ఆవిడకి పంచె అద్దెకి తెచ్చుకుని, బట్టలు మార్చుకుని, ఫోన్లూ సంచీ సామాన్ల గదిలో పెట్టి టోకెను తీసుకునేసరికి ముప్పావుగంట పోతుంది. మధ్యాహ్నం గుడి మూసేస్తారు, మళ్ళీ సాయంత్రమే. పొద్దున కూడా దర్శనం ఏకబిగిన ఉండదు, పూజలకి మధ్య మధ్య ఆపి మళ్ళీ వదులుతారు. కాబట్టి బసలోనే కట్టుకుని, ఫోన్లు అక్కడే వదిలేసి, పొద్దున్నే వెళ్ళండి. రవీ, గుమ్మం దాకా కండువా కప్పుకునో చొక్కా తొడుక్కునో వెళ్ళి అక్కడ తీసెయ్యొచ్చు.

ఫోను లేకుండా రద్దీలో ఒకరినొకరు వెతుక్కోవడం కష్టం. తప్పిపోతే ఫలానా గోపురం మెట్ల దగ్గర కలుద్దామని లోపలికి వెళ్ళక ముందే అనుకోండి. ఒక చేతిగడియారం పెట్టుకోండి. ఇంకో సంగతి, ఆ గుడిలోకి హిందువులని మాత్రమే పంపుతారు. రవి ఆఫీసు స్నేహితులెవరైనా కూడా వస్తామంటే ఈ మాట ఇక్కడే చెప్పెయ్యండి, గుమ్మం దగ్గర వాళ్ళు చిన్నబుచ్చుకోకూడదు.

లోపల శేషశయనుడి దర్శనం మూడు తలుపుల గుండా. మొదటి దాంట్లో ముఖం, శివలింగం మీద వాలిన చెయ్యి, మధ్య దాంట్లో నాభి కమలం మీద బ్రహ్మ, మూడో దాంట్లో పాదాలు. తెలియని వాళ్ళు మొదటి తలుపు దగ్గరే ఆగి మెడ సాగదీస్తారు, వెనక వరుస కదలదు. మూడూ చూసుకుంటూ సాగండి. ఎదురుగా ఉన్న రాతి మండపం మీద సాష్టాంగ పడకండి, అది తిరువాంకూరు రాజుకే చెల్లుతుంది. పూజారి గంధం చేతికి తగలకుండా పైనుంచి జారవిడుస్తారు. అది అక్కడి మడి, నొచ్చుకోకండి. కుడిచెయ్యి చాపి పట్టుకుని, పక్కకి వచ్చాక నుదుట పెట్టుకోండి.

ఇక మసీదు. రవికి తేలికే. పొడుగు ప్యాంటు, చేతులున్న వదులు చొక్కా చాలు. నిక్కర్లు, చేతుల్లేని బనియన్లు, పిచ్చి బొమ్మలూ రాతలూ ఉన్న టీషర్టులు వద్దు. శిరీషకి మణికట్టు దాకా చేతులు, చీలమండ దాకా బట్ట, తల మీద ముసుగు. బట్ట వదులుగా ఉండాలి, లోపలిది కనబడకూడదు. ఈ ఆఖరి రెండిటి దగ్గరే మన డ్రస్సులు తప్పిపోతాయి. లెగ్గింగ్సు ఒంటికి అతుక్కుంటుంది కాబట్టి పైన ఎంత పొడుగు కుర్తా వేసినా పక్క చీలికలోంచి కాలి ఆకారం తెలుస్తుంది. మన ఉక్కపోతకి కుట్టించుకున్న పల్చటి నూలు బట్టలు అక్కడి ఎండలో అద్దంలా ఉంటాయి. పరీక్ష ఇంట్లోనే చెయ్యి. పగటిపూట కిటికీ దగ్గర ఆ బట్ట ఒంటి పొర వెనక చెయ్యి పెట్టు. వేళ్ళు లెక్కపెట్టగలిగితే లోపల లంగా, స్లిప్పు ఉండాల్సిందే.

నా సలహా ఏమిటంటే, బట్టల మీద ఒళ్ళంతా కప్పేలా వేసుకునే పొడుగు అంగీ, అబాయా అంటారు, సాదాది ఒకటి ఇక్కడే కొనుక్కో. వదులుగా, ముందు గుండీలు కింద దాకా ఉన్నది చూడు. ముందు తెరిచి ఉండే రకం నడుస్తుంటే విడిపోతుంది. కొనే ముందు వేసుకుని చేతులు పైకెత్తి చూడు, అంచు చీలమండ పైకి లేవకూడదు, చేతులు మోచేతికి జారకూడదు. మసీదు దగ్గరా దొరుకుతాయి గానీ అక్కడి రద్దీలో నీ పొడుగుకి సరిపోయేది వెతకడం ఎందుకు? అబాయా వద్దనుకుంటే చీలికల్లేని పొడుగు కుర్తా, వదులు పలాజో కుట్టించు. టైలరుకి ముప్పావు చేతులు కాదు, మణికట్టు దాకా అని రెండుసార్లు చెప్పు. అలవాటు కొద్దీ మోచేతి కిందకే కత్తిరించేస్తారు.

ముసుగుకి షిఫాన్ చున్నీ తీసుకెళ్ళకు, జారుతూనే ఉంటుంది. సుమారు రెండు గజాల పొడుగున్న నూలు చున్నీ మంచిది. జుట్టు మెడ దగ్గర ముడి వేసి, చున్నీ నడినెత్తి కంటే కొంచెం ముందుకు లాగి, గడ్డం కింద ఒక పిన్ను పెట్టి, ఒక కొస ఎదుటి భుజం మీద వెనక్కి వెయ్యి. తల వంచి లేస్తే జారకపోతే సరిగ్గా కట్టినట్టు. బయల్దేరే లోపు మన పాత ఊళ్ళో దర్గా కొండకి ఒకసారి వెళ్ళిరండి, ముసుగుతో మెట్లెక్కడం అలవాటవుతుంది. అక్కడ రవి కూడా తలకి రుమాలు కట్టుకోవాలి. గుడిలో మాత్రం తల మీద ఏమీ ఉంచుకోకూడదు సుమా.

మసీదు చూడటానికి ముందే ఆన్‌లైన్లో పేర్లు నమోదు చేసుకోవాలి, డబ్బు కట్టక్కర్లేదు. శుక్రవారం మధ్యాహ్నం జుమా నమాజు వేళ పెట్టుకోవద్దు. ఫొటోలు తీసుకోవచ్చు గానీ భుజం మీద చెయ్యి వేసి, నడుం పట్టుకుని దిగేవి ఒప్పుకోరు. మొగుడూ పెళ్ళాలమే కదా అని వాదించకండి, పక్కపక్కన నిలబడి తీయించుకోండి. పరాయి ఆడవాళ్ళు మీ ఫొటోలో పడకుండా చూసుకోండి. అనుమతి లేకుండా మనుషుల్ని ఫొటో తీస్తే ఆ దేశంలో కేసు అవుతుంది. ఏ మసీదులోనైనా నమాజు చేస్తున్న మనిషి ముందు నుంచి నడవకండి, ఎంత చుట్టైనా వెనక నుంచే వెళ్ళండి. కార్పెట్ మీదకి వెళ్ళాల్సిన చోట చెప్పులు బయటే విప్పాలి, అందుకని శుభ్రమైన సాక్సులు ఒక జత దగ్గర పెట్టుకోండి, మధ్యాహ్నం పూట పాలరాయి కాలుతుంది.

ఎవరింటికైనా భోజనానికి పిలిస్తే, రవీ, ఆ ఇంటి ఆడవాళ్ళకి నువ్వు ముందుగా చెయ్యి చాపకు. ఆవిడ చాపితే కలుపు, లేదంటే గుండె మీద చెయ్యి పెట్టి తల వంచు. శిరీషా, మగవాళ్ళ విషయంలో నువ్వూ అంతే.

అబాయా, చున్నీ, పిన్నులు, రవి పంచె చేతిసంచీలోనే పెట్టండి. పెద్ద పెట్టె విమానంలో వెనకబడినా మీ దర్శనాలు ఆగవు. కుర్తా సంగతి టైలరు దగ్గర తేలాక ఒక ఫోను చెయ్యి శిరీషా.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ