మూడు చోట్ల మూడు కన్వర్షన్ లెక్కలు: రిపోర్టులో ఏది రాయాలి?

ప్రశ్న: బీకాం అయ్యాక డిజిటల్ మార్కెటింగ్ కోర్సు చేశాను. మార్కెటింగ్ ఎనలిస్ట్ ఉద్యోగానికి ఇచ్చిన టెస్టులో గూగుల్ యాడ్స్, మెటా, జీఏ4 డేటాను కలిపి ఒకే రిపోర్ట్ చేయమన్నారు. మూడింట్లోనూ కన్వర్షన్లు వేర్వేరుగా ఉన్నాయి. ఏది సరైనదని రాయాలి?

జవాబు: మూడూ తప్పు కాదు. ఒక్కోటి ఒక్కో రకంగా లెక్కపెడుతోంది. అందుకే షీట్ తెరవకముందే మీ నిర్వచనం ఒక్క వాక్యంలో రాసుకోండి. కోచింగ్ సెంటర్ డెమో క్లాస్ ఫారం అనుకుంటే ఇలా ఉండాలి: "ఒక ఫోన్ నంబరు నుంచి 30 రోజుల్లో వచ్చిన మొదటి ఫారమే కన్వర్షన్, అది ఫారం నింపిన తేదీ కిందే వస్తుంది." ఈ లెక్కకు ఆధారం ఫారాలు వచ్చి చేరే సీఆర్‌ఎం. యాడ్ ఖాతాల నుంచి ఖర్చు, క్లిక్కులు తీసుకుంటే చాలు.

ఎందుకో ఒక ఊహా లెక్కలో చూడండి. ఒక వారంలో గూగుల్‌కి రూ.30,000, మెటాకి రూ.20,000 పెట్టారు. గూగుల్ 60, మెటా 50 కన్వర్షన్లు చూపించాయి. కలిపితే 110. సీఆర్‌ఎంలో ఉన్నవి మాత్రం 80. మెటా యాడ్ చూసి, తర్వాత గూగుల్ యాడ్ నొక్కి ఫారం నింపిన వ్యక్తిని రెండూ తమ ఖాతాలోనే వేసుకుంటాయి. మెటా డిఫాల్ట్‌గా క్లిక్ తర్వాత 7 రోజుల వరకు, యాడ్ కేవలం చూసినా 1 రోజు వరకు లెక్కిస్తుంది. గూగుల్ యాడ్స్‌లో క్లిక్‌కి డిఫాల్ట్ గడువు 30 రోజులు. పైగా అది కన్వర్షన్‌ని క్లిక్ పడిన తేదీ కింద చూపిస్తుంది. పాత వారం అంకె తర్వాత తెరిచినప్పుడు పెరిగి కనిపించేది అందుకే. తేదీలు సరిపోల్చాలంటే `Conversions (by conv. time)` కాలమ్ పెట్టుకోండి.

ఇప్పుడు సీఆర్‌ఎంలోని 80 ఫారాలను యాడ్ లింక్‌లో ఉండే `utm_source` ట్యాగ్ బట్టి విడదీస్తే గూగుల్ 42, మెటా 22, యాడ్ ట్యాగ్ లేనివి 16 అనుకుందాం. యాడ్ ఖాతాల లెక్కన ఒక్కో ఫారానికి గూగుల్‌లో రూ.500, మెటాలో రూ.400 పడింది. మీ నిర్వచనంతో గూగుల్‌కి రూ.714, మెటాకి రూ.909 అవుతుంది. ఏది చవకో తారుమారైంది! అయితే యాడ్ చూసి, క్లిక్ చేయకుండా తర్వాత వచ్చినవాళ్లు ఈ పద్ధతిలో మెటా కిందకి రారు. కాబట్టి యాడ్ ఖాతా చెప్పిన అంకెను పక్క కాలమ్‌లో ఉంచండి, కానీ రెండు ఖాతాల అంకెల్ని ఎప్పుడూ కూడవద్దు.

ఆ 16ని దాచకండి, మిగతా రెండింటికీ పంచేయకండి. విడిగా ఒక వరుసలో చూపించండి. ఆ వరుస ఒక్కసారిగా పెరిగితే ముందు ట్యాగుల్నే అనుమానించాలి. రీడైరెక్ట్‌లో ట్యాగ్ ఊడిపోయి ఉండొచ్చు, ఫారంలోని దాచిన ఫీల్డ్ దాన్ని పట్టుకోకపోయి ఉండొచ్చు. `Facebook`, `facebook` అని రెండు వరుసలు కనిపిస్తే అన్నీ చిన్న అక్షరాల్లోకి మార్చాకే కలపండి.

మీకు సీఆర్‌ఎం డేటా ఇచ్చారా లేదా చూసుకోండి. ఇవ్వకపోతే అడగండి. అది లేదంటే జీఏ4ని ఆధారంగా తీసుకోండి. థాంక్యూ పేజీ రీలోడ్ అయినా, అదే మనిషి మరో ఫోన్ నుంచి నింపినా అందులో రెండుగా పడే అవకాశం ఉందని పట్టిక కిందే, మీ నిర్వచనం పక్కనే రాయండి.