బాక్స్ మీద 5.3, ఫైలు వెళ్లేది మాత్రం 2004 నాటి వేగంతో

"మా చెల్లి పెళ్లి వీడియో నాలుగు నిమిషాలది, దాదాపు 500 ఎంబీ ఉంది. నా ఫోన్ నుంచి మా బాబాయి ఫోన్‌కి బ్లూటూత్‌లో పంపితే ముప్పావు గంట పట్టింది. అదీ రెండోసారి. మొదటిసారి 70 శాతం దగ్గర ఫెయిల్ అయింది. రెండు ఫోన్లూ కొత్తవే, బాక్స్ మీద బ్లూటూత్ 5.3 అని రాసి ఉంది. ఫోన్‌లో లోపమా? సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్లాలా?" — ఒక పాఠకుడు, తెనాలి

తీసుకెళ్లకండి. రెండు ఫోన్లూ బాగానే ఉన్నాయి. నిజం చెప్పాలంటే 500 ఎంబీని ముప్పావు గంటలో పంపించిందంటే మీ బ్లూటూత్ మంచి ఊపు మీద ఉన్నట్టే లెక్క. ఇదే ఫిర్యాదు ఎన్నాళ్లుగానో వస్తూనే ఉంది, ప్రతిదాంట్లోనూ బాక్స్ మీది ఆ నంబరు తప్పకుండా ఉంటుంది. అందుకే ముందు దాని సంగతి తేల్చేద్దాం.

బ్లూటూత్ అని మనం పిలిచేది నిజానికి రెండు రకాల రేడియో. ఒకటి మొదటి నుంచీ ఉన్న క్లాసిక్. రెండోది 2010లో 4.0 వెర్షన్‌తో వచ్చిన లో ఎనర్జీ రకం. స్మార్ట్‌వాచీలూ సెన్సర్లూ వాడేది ఈ రెండోదాన్నే. 2016లో 5.0 వచ్చినప్పుడు 'వేగం రెట్టింపు' అని ఊదరగొట్టారు చూడండి, ఆ రెట్టింపు అయింది లో ఎనర్జీ వేగం. మీరు షేర్ మెనూలో బ్లూటూత్ గుర్తు నొక్కి పంపే ఫైలు మాత్రం క్లాసిక్ దారిలోనే వెళ్తుంది. ఆ దారికి చివరిసారి వేగం పెరిగింది 2004లో, 2.0 వెర్షన్‌తో. అప్పుడది సెకనుకు 3 మెగాబిట్లు, అంటే 375 కేబీ అయింది. ఆ తర్వాత నంబర్లు 5.3 దాకా పెరిగాయి, ఫైలు వేగం మాత్రం అక్కడే ఉండిపోయింది.

పోనీ ఆ 3 మెగాబిట్లయినా పూర్తిగా మన చేతికి వస్తాయా అంటే అదీ లేదు. క్లాసిక్ బ్లూటూత్ ఒక సెకనును 1600 ముక్కలు చేసుకుంటుంది. పెద్ద ప్యాకెట్ ఒకటి పంపడానికి ఐదు ముక్కలు, 'అందింది' అని అవతలి ఫోన్ జవాబివ్వడానికి ఒక ముక్క, వెరసి ఆరు. ఆ పెద్ద ప్యాకెట్‌లో పట్టేది 1021 బైట్లు. అంటే సెకనుకు 266 ప్యాకెట్లు, సుమారు 270 కేబీ. ఒక్క ప్యాకెట్ కూడా పాడవకపోతే వచ్చే లెక్క ఇది. ఈ లెక్కన మీ 500 ఎంబీకి 31 నిమిషాలు పడుతుంది. అంతకంటే ముందే అయిపోవడం ఏ ఫోన్‌లోనూ జరగదు. మీకు 45 నిమిషాలు పట్టిందంటే సెకనుకు 185 కేబీ వెళ్లినట్టు. ఇంట్లో వాడకానికి అది చాలా మంచి వేగం.

మిగతా పద్నాలుగు నిమిషాలు ఎక్కడికి పోయాయన్నది మాత్రం అడగాల్సిన ప్రశ్నే. బ్లూటూత్ వాడే 2.4 గిగాహెర్ట్జ్ గాలినే పాత రకం వైఫై కూడా వాడుతుంది. పైగా చాలా ఫోన్లలో ఈ రెండింటికీ కలిపి ఒకటే చిప్పు, ఒకటే యాంటెనా. మీరు ఫైలు పంపుతూ చెవిలో బడ్స్ పెట్టుకుని పాట వింటున్నారనుకోండి, పక్కన హాట్‌స్పాట్ కూడా ఆన్‌లో ఉందనుకోండి, ఒకే కుళాయి కింద మూడు బిందెలు పెట్టినట్టే. ఇదే కారణమో కాదో తేల్చుకోవడం తేలిక. బడ్స్ తీసేయండి, హాట్‌స్పాట్, వైఫై ఆపేయండి, రెండు ఫోన్లనూ టేబుల్ మీద పక్కపక్కన పెట్టి ఒక్క నిమిషంలో శాతం ఎంత కదిలిందో చూడండి. ముందుకంటే త్వరగా కదిలితే దొంగ దొరికినట్టే. ఫోన్ జేబులో పెట్టుకుని పక్క గదిలోకి వెళ్లకండి. మన ఒంట్లోని నీరు ఈ తరంగాలను బాగా పీల్చేస్తుంది. సిగ్నల్ బలహీనపడితే ఫోన్ చిన్న ప్యాకెట్లకు దిగిపోతుంది, పాడైనవాటిని మళ్లీ మళ్లీ పంపుతుంది.

మొదటిసారి 70 శాతం దగ్గర ఆగిందన్నారు. మామూలుగా ఫోన్లు వాడే బ్లూటూత్ పంపకంలో ఆగిన చోటి నుంచి అందుకునే ఏర్పాటు లేదు. తెగితే మళ్లీ సున్నా నుంచే. అందుకే పది నిమిషాలు దాటే పంపకాన్ని బ్లూటూత్‌కి అప్పజెప్పడమే తప్పంటాను.

అసలు నాకు చిరాకు పుట్టించేది షేర్ మెనూ. అర గిగాబైట్ వీడియో ఎంచుకుని బ్లూటూత్ నొక్కితే, ఫోన్‌కి ఫైలు సైజు తెలుసు, తన వేగమూ తెలుసు. 'దీనికి అరగంట పైనే పడుతుంది, కావాలంటే వైఫై దారిలో పంపనా?' అని ఒక్క ముక్క అడగదు. నోటిఫికేషన్‌లో ఓ గీత గీసి కూర్చుంటుంది. నిజానికి ఈ ఆలోచన పాతదే. 2009లో వచ్చిన 3.0 వెర్షన్‌లో పెద్ద ఫైళ్లను బ్లూటూత్ పరిచయం చేస్తే వైఫై రేడియో మోసే ఏర్పాటు పెట్టారు, వేగం 24 మెగాబిట్ల దాకా. పెద్దగా ఎవరూ వాడలేదు, చివరికి ప్రమాణం నుంచే తీసేశారు. ఏ వెర్షన్‌లో తీసేశారో తెలుసా? 2021లో వచ్చిన 5.3లో. మీ బాక్స్ మీద గర్వంగా అచ్చేసింది ఆ నంబరే!

ఆ పనే ఇప్పుడు ఫోన్‌లోని సొంత షేరింగ్ సదుపాయాలు చేస్తున్నాయి. ఆండ్రాయిడ్‌లో Quick Share అని కనిపిస్తుంది. పక్క ఫోన్‌ని వెతకడానికి బ్లూటూత్, మోయడానికి వైఫై. రెండు ఫోన్లూ 5 గిగాహెర్ట్జ్ వైఫై మీద కలిస్తే మీ పెళ్లి వీడియో సాధారణంగా ఒకటి రెండు నిమిషాల్లో వెళ్లిపోతుంది. ఇంటర్నెట్ అక్కర్లేదు, డేటా ఖర్చు కాదు. అది కుదరకపోతే ఓటీజీ పెన్‌డ్రైవ్ ఉండనే ఉంది.

ఇక్కడే అసలు టెన్షన్ మొదలవుతుంది. బ్లూటూత్ నత్తనడక చూసి విసిగినవాళ్లు చేసే మొదటి పని, ఎవరో చెప్పారని ఓ షేరింగ్ యాప్ ఎక్కించుకోవడం. 2020 జూన్‌లో కేంద్రం నిషేధించిన 59 యాప్‌లలో బాగా పేరున్న ఫైల్ షేరింగ్ యాప్‌లు కూడా ఉన్నాయి. ప్లే స్టోర్ నుంచి అవి పోయాయి గానీ జనం అలవాటు పోలేదు. పేరు వెతికి, ఏదో సైట్‌లో దొరికిన ఏపీకేని దించుకుని, 'తెలియని యాప్‌లను అనుమతించు' ఆన్ చేసి మరీ ఎక్కిస్తున్నారు. దాన్ని తయారు చేసింది పాత కంపెనీయా, పేరు వాడుకున్న ఇంకెవరోనా అని చెప్పే దిక్కు ఉండదు. షేరింగ్ యాప్ కాబట్టి ఫైళ్లన్నిటికీ అనుమతి అడిగితే అనుమానం రాదు. లొకేషన్ అడిగినా రాదు, ఎందుకంటే పాత ఆండ్రాయిడ్‌లో పక్క ఫోన్లను వెతకడానికి లొకేషన్ అనుమతి నిజంగానే అవసరమయ్యేది. ఆండ్రాయిడ్ 12 నుంచి బ్లూటూత్‌లో వెతకడానికి 'దగ్గరి పరికరాలు' అనే విడి అనుమతి వచ్చింది. కొత్త ఫోన్‌లో ఫైలు పంపే యాప్ మీ కాంటాక్టులు, ఎస్‌ఎంఎస్‌లు, యాక్సెసిబిలిటీ అడిగిందంటే మాత్రం అది ఫైలు పంపడానికి రాలేదు. ఎస్‌ఎంఎస్‌లు చదవగలిగిన యాప్ మీ బ్యాంకు ఓటీపీలూ చదవగలదు. వెంటనే తీసేసి, ఆ 'తెలియని యాప్‌లు' స్విచ్ కూడా ఆఫ్ చేయండి.

బ్లూటూత్‌లోనూ లోపాలు బయటపడ్డాయి. 2020 ఫిబ్రవరిలో ఆండ్రాయిడ్ 8, 9లకు సరిదిద్దిన ఒక లోపంతో దగ్గర్లో ఉన్నవాడు మీరేమీ నొక్కకుండానే ఫోన్‌లోకి దూరగలిగేవాడు. అప్‌డేట్లు ఆగిపోయిన పాత ఫోన్ వాడేవాళ్లు పనయ్యాక బ్లూటూత్ ఆఫ్ చేసుకోవాల్సిందే.

మరి ఈ నత్తతో ఎప్పుడు పని? చిన్న ఫైలు ఉన్నప్పుడు, అవతలివాళ్లకు మీ నంబరు ఇవ్వడం ఇష్టం లేనప్పుడు. జిరాక్స్ షాపునే తీసుకోండి. మనవాళ్లు ఆధార్ పీడీఎఫ్‌ని షాపు వాట్సాప్‌కి పంపుతారు, లేదంటే ఆ కంప్యూటర్‌లో తమ మెయిల్ తెరిచి లాగౌట్ మరచిపోయి వచ్చేస్తారు. ఆ పీడీఎఫ్ చిన్న ఫైలే, బ్లూటూత్‌లో కొన్ని సెకన్ల పని. షాపు ల్యాప్‌టాప్‌లో విండోస్ ఉంటే ముందు అది ఫైలు తీసుకోవడానికి సిద్ధంగా ఉండాలి. చాలామంది 'వెళ్లడం లేదు' అని వదిలేసేది ఈ ఒక్క మెట్టు తెలియకే. Win+R నొక్కి ఇది టైప్ చేయమనండి:

```
fsquirt
```

వచ్చిన కిటికీలో Receive files ఎంచుకున్నాకే మీరు ఫోన్ నుంచి పంపాలి. ఫైలు రాగానే ఎక్కడ సేవ్ చేయాలో అడుగుతుంది, Finish నొక్కాలి. జత కట్టేటప్పుడు రెండు తెరల మీదా ఆరంకెల సంఖ్య ఒకటేనా చూసుకోండి. మీ ఫోన్‌లో ఆ సంఖ్య కనిపించే పెట్టెలోనే కాంటాక్టులు, కాల్ హిస్టరీ చూడనివ్వమంటూ ఒక టిక్ ఉంటుంది, దాన్ని ఖాళీగా వదిలేయండి. ప్రింటు చేతికొచ్చాక మీ కళ్ల ముందే ఫైలు డిలీట్ చేయించి, రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేయించండి. మీ ఫోన్‌లో ఆ కంప్యూటర్ పేరు మీద Forget నొక్కండి. షాపువాడు మొహం చిట్లిస్తే చిట్లించనివ్వండి.

స్టూడియోలో ఫొటో ప్రింటుకీ ఇదే మేలు. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫొటో నాణ్యత తగ్గుతుంది, బ్లూటూత్ ఉన్న ఫైలును ఉన్నట్టే పంపుతుంది. నాలుగు ఎంబీ ఫొటోకి పాతిక సెకన్లు, అంతే. ఉన్నట్టే అంటే ఫొటో ఎక్కడ తీశారన్న వివరం కూడా అందులోనే పోవచ్చు, అది గుర్తుంచుకోండి.

ఇక కీప్యాడ్ ఫోన్. ఇంట్లో పెద్దవాళ్లకు కొత్తది కొనిచ్చారు, నంబర్లు ఎక్కించాలి. చాలా కీప్యాడ్ ఫోన్లలో వైఫై ఉండదు, బ్లూటూత్ ఒక్కటే దారి. మీ ఫోన్‌లో కాంటాక్టు తెరిచి షేర్ నొక్కితే `.vcf` ఫైలు వెళ్తుంది, కంటి రెప్పపాటులో అందుతుంది. అన్నీ కలిపి ఒకే ఫైలుగా పంపితే కొన్ని ఫోన్లు మొదటి పేరు మాత్రమే తీసుకుంటాయి, కాబట్టి ఒక్కొక్కటిగా పంపండి. మీ ఫోన్‌లో పేర్లు తెలుగులో ఉంటే, తెలుగు ఫాంట్ లేని ఫోన్‌లో అవి ఖాళీ డబ్బాల్లా కనిపిస్తాయి. పంపేముందే వాటిని ఇంగ్లిష్ అక్షరాల్లోకి మార్చుకోండి.