ఎల్‌సీలో పత్రాల తేడా

గుంటూరు నుంచి పంపిన ఎండుమిర్చి బాగానే చేరింది, అయినా ఎల్‌సీ అనే చెల్లింపు హామీ పత్రం కింద బ్యాంకు డబ్బు ఎందుకు ఆపింది?

ఎల్‌సీ ఇచ్చిన బ్యాంకు హామీ పడేది సరుకుకు కాదు, అందులో కోరిన పత్రాలకు. ఎల్‌సీలకు అంతర్జాతీయంగా వాడే యూసీపీ 600 నియమాల ప్రకారం బ్యాంకు కంటెయినర్ తెరిచి చూడదు, కాగితాలనే పరిశీలించి 5 పనిదినాల్లోగా తేల్చి చెబుతుంది. ఎల్‌సీలో ‘తొడిమ తీసిన తేజ మిర్చి’ అని ఉండగా ఇన్‌వాయిస్‌లో ‘ఎండుమిర్చి’ అని మాత్రమే రాస్తే అది తేడాయే. ఓడ సంస్థ ఇచ్చే రవాణా పత్రమైన బిల్ ఆఫ్ లేడింగ్‌లో మాత్రం, వైరుధ్యం లేనంతవరకు, అలాంటి సాధారణ పేరు చెల్లుతుంది. ఇక ఓడకెక్కించిన తేదీ గడువును ఒక్కరోజు దాటినా బ్యాంకు తిరస్కరించవచ్చు, అప్పుడు చెల్లింపు కొనుగోలుదారు సమ్మతి మీదే ఆధారపడుతుంది. ఈలోగా మార్కెట్లో ధర పడిపోతే అతను తగ్గింపు అడగకుండా ఉండడు. నెరవేర్చలేని షరతు కనబడితే, సరుకు ఓడకెక్కకముందే ఎల్‌సీ సవరణ కోరాలి.