రెండు ఎఫెక్ట్‌లు, ఒకే గ్రాఫ్

"మేడమ్, మాది అనంతపురం. బెంగళూరులో ఎం.టెక్ వీఎల్‌ఎస్‌ఐ చివరి సంవత్సరం. డివైస్ మోడలింగ్ ఇంటర్వ్యూలో వెలాసిటీ సాచురేషన్‌కీ, డిఐబిఎల్‌కీ తేడా గ్రాఫ్ మీద చూపించమన్నారు. నిర్వచనాలు చెప్పాను, గ్రాఫ్ దగ్గర ఆగిపోయాను. ఎలా ప్రిపేర్ అవ్వాలి?"

నిర్వచనాల పుస్తకం పక్కన పెట్టి, ఒక సాయంత్రం ngspice ముందు కూర్చోండి. కాలేజీలో ఇచ్చిన షార్ట్ ఛానల్ మోడల్ ఏదైనా చాలు. W 1 మైక్రాన్, L 40 నానోమీటర్లు పెట్టి ఈ ఒక్క లైను రన్ చేయండి:

```
.dc Vg 0 1.05 0.01 Vd 0.05 1.05 1
```

డ్రెయిన్ 0.05 వోల్టుల దగ్గర ఒకటి, 1.05 దగ్గర ఇంకొకటి, రెండు గీతలొస్తాయి. కరెంటును లాగ్ స్కేల్‌లో చూడండి. సోర్స్ పక్కనున్న బారియర్ చెరువు కట్ట లాంటిది. దాన్ని ఎత్తడం, దించడం గేటు పని. ఛానల్ పొట్టిదైతే డ్రెయిన్ ఫీల్డ్ కూడా అక్కడిదాకా వచ్చి కట్టను కిందికి లాగుతుంది. డ్రెయిన్ వల్ల బారియర్ ఇలా తగ్గడమే డిఐబిఎల్. అందుకే రెండో గీత ఎడమవైపు జరుగుతుంది.

ఎంత జరిగిందో కొలవడానికి రెండు గీతల మీదా ఒకే కరెంటు దగ్గర Vg చదవండి. 100 నానోఆంపియర్లను W/L తో గుణించి తీసుకోవడం వాడుక. ఇక్కడ W/L 25 కాబట్టి 2.5 మైక్రోఆంపియర్లు. మీకు 0.40, 0.32 వోల్టులు వచ్చాయనుకుందాం. డ్రెయిన్ ఒక వోల్టు పెరిగితే థ్రెషోల్డ్ 80 మిల్లీవోల్టులు తగ్గింది, అంటే డిఐబిఎల్ 80 mV/V. సబ్‌థ్రెషోల్డ్ స్లోప్ డెకేడ్‌కి 90 మిల్లీవోల్టులైతే ఆఫ్‌లో ఉన్నప్పటి లీకేజీ దాదాపు 8 రెట్లవుతుంది.

గీతలు సమాంతరంగా జరగాలి, అది చూసుకోండి. రెండో గీత వాలు బాగా పడిపోతే అది డిఐబిఎల్ ఒక్కటే కాదు, పంచ్‌త్రూని అనుమానించాలి.

వెలాసిటీ సాచురేషన్ ఈ లాగ్ ప్లాట్ అడుగున కనబడదు. అది ట్రాన్సిస్టర్ ఆన్ అయ్యాక సంగతి. ఫీల్డ్ ఎంత పెంచినా సిలికాన్‌లో ఎలక్ట్రాన్ వేగం సెకనుకు సుమారు లక్ష మీటర్ల దగ్గర ఆగిపోతుంది. Vg ని సమాన మెట్లలో పెంచుతూ Id-Vd గీయండి. పాత స్క్వేర్ లా ప్రకారం గీతల మధ్య ఎడం పైకెళ్లేకొద్దీ పెరగాలి. ఇక్కడ ఎడాలు దాదాపు సమానం. ఓవర్‌డ్రైవ్ 0.2 నుంచి 0.4 వోల్టులైతే కరెంటు 4 రెట్లు కాదు, 2 రెట్లకు కాస్త పైన. ఆ గీతలే కుడివైపు పైకి వాలితే, ఆ వాలులో డిఐబిఎల్ వాటా ఉంటుంది. మీలాంటి వాళ్లు దాన్నంతా ఛానల్ లెంగ్త్ మాడ్యులేషన్ ఖాతాలో వేసేస్తారు, ఇంటర్వ్యూ చేసేవాళ్లు పట్టుకునేది అక్కడే.

డిజిటల్ వైపు వెళ్తే ప్రశ్న మారుతుంది: రెండు ఆఫ్ ఎన్‌మాస్‌లు సిరీస్‌లో ఉంటే లీకేజీ సగం కన్నా బాగా తక్కువెందుకు? మధ్య నోడ్ కొంచెం పైకి లేస్తుంది. పైదాని గేట్-సోర్స్ వోల్టేజ్ నెగటివ్ అవుతుంది. కిందిదాని డ్రెయిన్‌కి వోల్టేజే పెద్దగా దక్కదు, డిఐబిఎల్ తగ్గిపోతుంది. పై సిమ్యులేషన్‌కి ఇంకో ట్రాన్సిస్టర్ చేర్చి, ఆ నోడ్ వోల్టేజ్ ఎంతో కాగితం మీద రాసుకుని వెళ్లండి.