ఎండెమిక్ అంటే ఇక ప్రమాదం లేనట్టేనా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 58 ఏళ్లు, షుగర్ ఉంది. కరోనా ఇప్పుడు ఎండెమిక్ అయిపోయింది కాబట్టి భయం లేదని అందరూ అంటున్నారు. ఎండెమిక్, ఎపిడెమిక్, ప్యాండెమిక్ అనేవి జబ్బు తీవ్రతను బట్టి పెట్టిన పేర్లేనా? – ఒక పాఠకుడు

జవాబు: కావండీ. ఒక జబ్బు ఎంత ప్రాణాంతకమో ఈ మూడు మాటల్లో ఏదీ చెప్పదు. ఒక ప్రాంతంలో ఒక జబ్బు ఏటా దాదాపు ఊహించిన స్థాయిలోనే కొనసాగుతుంటే దాన్ని ఎండెమిక్ అంటాం. కేసులు ఆ స్థాయిని స్పష్టంగా దాటితే ఎపిడెమిక్ అవుతుంది. అది అనేక దేశాలకు, ఖండాలకు పాకి, వెళ్లినచోటల్లా స్థానికంగా వ్యాపించడం మొదలుపెడితే ప్యాండెమిక్ అవుతుంది.

ఈ మూడింటికీ ఒకేసారి ఉదాహరణగా నిలిచే జబ్బు కలరా. గంగా, బ్రహ్మపుత్ర నదుల డెల్టాలో అది ఎండెమిక్. వర్షాకాలానికి ముందు ఒకసారి, తర్వాత ఒకసారి కేసులు పెరుగుతాయని అక్కడి ఆసుపత్రులకు ముందే తెలుసు కాబట్టి, ఆ నెలల్లో వార్డులు నిండినంత మాత్రాన దాన్ని ఎపిడెమిక్ అనరు. అక్కడి పెద్దవారిలో చాలామందికి చిన్నప్పటి నుంచీ ఆ క్రిమితో పరిచయం ఉండటం వల్ల కొంత రోగనిరోధక శక్తి ఉంటుంది, అందుకే జబ్బు ఎక్కువగా పసిపిల్లలను పట్టి పీడిస్తుంది. హైతీలో పరిస్థితి వేరు. 2010 అక్టోబరుకు ముందు దాదాపు వందేళ్లుగా అక్కడ కలరా నమోదైన దాఖలా లేదు. అంటే ఊహించవలసిన సంఖ్య సున్నా, కాబట్టి తొలి కొద్ది కేసులే ప్రమాద ఘంటిక మోగించాయి. ఎవరికీ రోగనిరోధక శక్తి లేకపోవడంతో అన్ని వయసులవారూ జబ్బుపడ్డారు, తర్వాతి సంవత్సరాల్లో 8 లక్షలకు పైగా కేసులు, దాదాపు 10 వేల మరణాలు నమోదయ్యాయి. ఆ క్రిమి దక్షిణాసియా నుంచి వచ్చిందని జన్యు పరీక్షల్లో తేలింది. 1961లో ఇండొనేసియాలో మొదలై, 1970లో ఆఫ్రికాకు, 1991లో పెరూకు చేరిన ఏడో కలరా ప్యాండెమిక్ నేటికీ ముగియలేదు, హైతీలో జరిగింది కూడా అందులో భాగమే.

మరి ‘ఊహించిన స్థాయి’ని ఎలా నిర్ణయిస్తారు? మలేరియా ఎండెమిక్‌గా ఉన్న ఒక పట్టణాన్ని ఉదాహరణగా ఊహించుకుందాం. గత అయిదేళ్లలో ఇదే వారంలో అక్కడ 12, 15, 9, 18, 14 కేసులు వచ్చాయనుకోండి. వీటిని వరసలో పెడితే మధ్యలో నిలిచేది 14, గరిష్ఠం 18. ఈ ఏడాది అదే వారంలో 16 వస్తే గమనిస్తూ ఉంటారు, 47 వస్తే మాత్రం ఎపిడెమిక్‌గా అనుమానించి వెంటనే దర్యాప్తు మొదలుపెడతారు. అయితే ఇక్కడ రెండు పొరపాట్లు సులువుగా జరుగుతాయి. ఆ అయిదేళ్లలో ఒక ఏడాది స్వయంగా ఎపిడెమిక్ ఏడాదే అయితే, దాన్ని లెక్కలోంచి తీసేయకపోతే హద్దు అనవసరంగా పైకి జరుగుతుంది. ఇక రెండోది, పరీక్షలు రెట్టింపు చేసినప్పుడు జబ్బు పెరగకపోయినా కేసుల సంఖ్య పెరుగుతుంది. అందుకే పరీక్షించిన ప్రతి వందమందిలో ఎంతమందికి పాజిటివ్ వచ్చిందో కూడా చూస్తారు. ఆ శాతం మారకుండా కేసులు మాత్రమే పెరిగితే, పెరిగింది జబ్బు కాదు, వెతుకులాట అనుకోవడానికి ఆస్కారం ఎక్కువ.

తీవ్రతకూ ఈ పేర్లకూ పొంతన ఉండదనడానికి 2014లో పశ్చిమాఫ్రికాలో విజృంభించిన ఎబోలా చాలు. సోకినవారిలో ఎంతో మందిని చంపిన ఆ జబ్బు ప్రధానంగా గినీ, లైబీరియా, సియెర్రా లియోన్‌లకే పరిమితం కావడంతో ఎపిడెమిక్‌గానే నిలిచింది. అత్యధికులకు మామూలు జ్వరంలా వచ్చి తగ్గిపోయిన 2009 నాటి హెచ్1ఎన్1 ఫ్లూ ప్యాండెమిక్ అయింది. ఇక ఎండెమిక్ మలేరియా ప్రతి ఏడాదీ సుమారు 6 లక్షల ప్రాణాలు తీస్తోంది, వారిలో ఎక్కువమంది ఆఫ్రికాలోని అయిదేళ్లలోపు పిల్లలే. ‘ఎండెమిక్ కదా, ఏం కాదులే’ అన్న మాట ఆ తల్లిదండ్రుల ముందు అనలేం.

మీ విషయానికి వస్తే, ప్రపంచ ఆరోగ్య సంస్థ కొవిడ్‌పై విధించిన అత్యవసర పరిస్థితిని 2023 మే 5న ఎత్తివేసింది, కానీ వైరస్ మన మధ్యే తిరుగుతోంది. వయసు, షుగర్ రెండూ మీ ముప్పును పెంచుతాయి. కాబట్టి జ్వరం, దగ్గు వస్తే మొదటి రోజుల్లోనే పరీక్ష చేయించుకోండి, ఎందుకంటే అవసరమైనవారికి ఇచ్చే యాంటీవైరల్ మందులు లక్షణాలు మొదలైన అయిదు రోజుల్లోపే బాగా పనిచేస్తాయి. ఆయాసం వస్తే, ఆక్సిజన్ స్థాయి 94 శాతం కంటే తగ్గితే ఆసుపత్రికి వెళ్లడంలో ఆలస్యం చేయకండి. బూస్టర్ టీకా అవసరమా అన్నది, మీ షుగర్ అదుపులో ఉందా, కిడ్నీలు ఎలా ఉన్నాయి అన్నది తెలిసిన మీ డాక్టరుతో మాట్లాడి నిర్ణయించుకోండి.